అప్రోచ్ స్లాబ్ మళ్లీ మళ్లీ దిగిపోతోంది, గ్రౌటింగ్ చేయొచ్చా?

వంతెన అబట్‌మెంట్ వెనక 6 మీటర్ల కట్ట, కింద బంకమట్టి, ట్రాఫిక్ వదిలి రెండేళ్లయింది. అప్రోచ్ స్లాబ్ అబట్‌మెంట్ వైపు బ్రాకెట్ మీద కదలకుండా ఉంది గానీ అవతలి చివర 45 మి.మీ. దిగి బండ్లు ఎగిరిపడుతున్నాయి. రెండుసార్లు తారు ఓవర్‌లే వేశాం, ఐదారు నెలల్లో మళ్లీ అదే పరిస్థితి. నెలనెలా లెవెల్స్ తీస్తే ఎండాకాలంలో 1-2 మి.మీ., వానలు పడ్డ ఒక్క నెలలో 12 మి.మీ. దిగింది. బంకమట్టి కన్సాలిడేషన్ అయితే రానురాను తగ్గాలి కదా, ఇలా వానతో ఎగబాకదు. పైగా వీప్ హోల్స్ కింద సన్న ఇసుక కుప్పగా పడుంది, సుత్తితో కొడితే స్లాబ్ డొల్లగా మోగుతోంది. గోడ వెనక ఫిల్టర్ మీడియా సరిగ్గా లేక మట్టి కొట్టుకుపోతోందని నా అనుమానం. సైట్‌లో అందరూ స్లాబ్ కింద గ్రౌటింగ్ చేసేద్దామంటున్నారు, కానీ గ్రౌట్ వెళ్లి వీప్ హోల్స్ మూసేస్తే గోడ మీద నీటి ఒత్తిడి పెరుగుతుందని భయంగా ఉంది. ముందు గ్రౌటింగ్ చేయాలా, తవ్వి ఫిల్టర్ సరిచేశాకే చేయాలా?